పండుగ వేదిక మీద పది నిమిషాలు: పెద్దలు, యువత కలిసి వింటున్నప్పుడు

డిసెంబరు వచ్చిందంటే మన నగరంలో సెమీ క్రిస్మస్ కూడికలు మొదలవుతాయి. మందిరాల్లోనే కాదు, కాలనీ కమ్యూనిటీ హాళ్లలో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, వీధి చివర వేసిన షామియానాల కింద కూడా ఇవి జరుగుతాయి. పాటలు, పిల్లల నాటిక, కొవ్వొత్తులు, కేకు, చివర భోజనం. వీటి మధ్యలో ఎవరో ఒకరు మైకు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడాలి. ఈ వారం మేము రాస్తున్నది ఆ పది నిమిషాల గురించే.

ఎస్.ఆర్. నగర్ వంటి చోట ఆ పది నిమిషాలు అంత తేలికైనవి కావు. నీలం సంజీవరెడ్డి గారి పేరుతో ఉన్న ఈ కాలనీలో ఎన్నో ఏళ్ల క్రితమే ఇళ్లు కట్టుకుని స్థిరపడిన కుటుంబాలున్నాయి. ఉద్యోగ విరమణ చేసినవారు, పిల్లలు అమెరికాకో బెంగళూరుకో వెళ్లిపోగా ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు వారిలో ఉన్నారు. అవే వీధుల్లో హాస్టళ్లూ ఉన్నాయి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకోవడానికి శ్రీకాకుళం నుంచి, ఖమ్మం నుంచి, అనంతపురం నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చిన యువతీ యువకులు వాటిలో ఉంటారు. పండుగ కూడికలో వీరంతా ఒకే హాలులో కూర్చుంటారు. ముందు వరుసల్లో పిల్లలు దూరమైన తల్లిదండ్రులు, వెనుక వరుసల్లో తల్లిదండ్రులకు దూరంగా ఉన్న పిల్లలు. మధ్యలో ఉన్నవి నాలుగు వరుసల కుర్చీలే. మాట్లాడేవారు ఆ దూరాన్ని తగ్గించగలరు. తెలియకుండానే పెంచేయగలరు కూడా.

పెద్దలను గౌరవించాలని మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. యువతను నొప్పించకూడదనీ తెలుసు. చిక్కేమిటంటే, ఇద్దరూ కలిసి వింటున్నప్పుడు ఒకరితో అన్న మాట రెండోవారి చెవిన కూడా పడుతుంది. “మా కాలంలో పెద్దలంటే భయభక్తులుండేవి” అని ముందు వరుసను మెచ్చుకుంటే, వెనుక వరుసకు అది తిట్టులా వినబడుతుంది. “ఈ తరం తెలివైనది, ప్రపంచమంతా వీరి చేతిలోనే ఉంది” అని వెనుక వరుసను పొగిడితే, ముందు వరుసకు తమ పని అయిపోయిందన్నట్టు తోస్తుంది. ఒకరికిచ్చే గౌరవాన్ని రెండోవారి జేబులోంచి తీసి ఇవ్వకూడదు. మిశ్రమ సభలో మాట్లాడేవారు ముందుగా పట్టుకోవలసిన సూత్రం ఇదేనని మేము అనుకుంటున్నాం.

కోట మెట్ల మీద నుంచి

ఇలాంటి సభను ఎదుర్కొన్నవారు గ్రంథంలో కనబడతారు. అపొస్తలుల కార్యములు 21, 22 అధ్యాయాల్లో యెరూషలేము దేవాలయం దగ్గర పౌలు మీద జనం విరుచుకుపడతారు. రోమా సైనికులు వచ్చి ఆయనను కోటలోకి తీసుకుపోతుంటే, మెట్ల మీద ఆగి ప్రజలతో మాట్లాడటానికి అనుమతి అడుగుతాడు. సైనికాధికారితో ఆయన మాట్లాడింది గ్రీకు భాషలో. జనం వైపు తిరిగాక చేతితో సైగ చేసి, అంతా నిశ్శబ్దమయ్యే వరకు ఆగి, వారి హెబ్రీ భాషలో మొదలుపెడతాడు. సహోదరులని, తండ్రులని రెండు పిలుపులూ పిలుస్తాడు. తమ భాష వినగానే వారు మరింత నిమ్మళించారని లూకా రాస్తాడు.

ఆ మొదటి క్షణాల్లో పౌలు చేసినవి మూడు పనులు. కేకల మీద కేక వేయకుండా నిశ్శబ్దం కోసం ఆగాడు. తన ఈడువారికి ఒక పిలుపు, తనకంటే పెద్దవారికి మరో పిలుపు ఇచ్చాడు, ఎవరినీ వదిలిపెట్టలేదు. వారి ఇళ్లలో మాట్లాడుకునే భాషలో మాట్లాడాడు. ఆ తరువాత తన గొప్పలు చెప్పుకోలేదు. తాను ఈ పట్టణంలోనే పెరిగానని, గమలీయేలు దగ్గర చదువుకున్నానని చెప్పాడు. గమలీయేలు అక్కడి పెద్దలంతా గౌరవించే గురువు. అంటే తాను ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పడం ద్వారా పౌలు పెద్దల పట్ల తన గౌరవాన్ని చూపాడు.

ఈ ఉదాహరణకు ఒక హద్దు కూడా ఉంది. ఆయన అన్యజనుల మాట ఎత్తేంతవరకే వారు విన్నారు. ఆ తరువాత మళ్లీ అల్లరి రేగింది. మర్యాదగా మాట్లాడితే వినడానికి అవకాశం దొరుకుతుంది, ఒప్పుకోలు మాత్రం దానంతట అది రాదు. కానీ ఆ అవకాశం కూడా లేకపోతే చెప్పదలచుకున్నది ఎవరి చెవినీ చేరదు.

పిలుపు ఎంతసేపు?

మన సభల్లో గౌరవమంతా మొదటి రెండు నిమిషాల్లోనే ఖర్చయిపోతుంది. “వేదికనలంకరించిన” అని మొదలుపెట్టి, ఒక్కొక్కరి పేరూ హోదా చదువుతారు. కార్యక్రమంలో ఆరుగురు వక్తలుంటే, ఒక్కొక్కరు రెండు నిమిషాలు ఈ జాబితా చదివితే పన్నెండు నిమిషాలు పేర్లకే పోతాయి. ఎవరి పేరైనా మరచిపోతే వారికి బాధ. పేరు వచ్చినవారికీ ఆరోసారి విన్నప్పుడు సంతోషం ఉండదు. కార్యక్రమం నడిపించేవారు వేదిక మీది పెద్దలను ఒకసారి పరిచయం చేశాక, తరువాతివారు ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టవచ్చు. “అధ్యక్షుల వారికి, సభలోని పెద్దలందరికీ వందనాలు. యువతీ యువకులకు, చిన్నారులకు పండుగ శుభాకాంక్షలు.” అరనిమిషం కూడా పట్టదు. ఎవరూ మిగిలిపోరు.

పిలుపులో వాడే మాట కూడా చూసుకోవాలి. మందిరంలో మనకు అలవాటైన “ప్రియమైన విశ్వాసులారా” అనే పిలుపు కాలనీ హాలులో సగం మందిని బయట నిలబెడుతుంది, ఎందుకంటే అక్కడ పొరుగింటి హిందూ, ముస్లిం కుటుంబాలు కూడా కూర్చుని ఉంటాయి. “సోదర సోదరీమణులారా” అంటే అందరికీ చెల్లుతుంది. ఇరవై అయిదేళ్లు వచ్చి ఉద్యోగం చేస్తున్నవారిని “పిల్లలూ” అని పిలిస్తే వారు నవ్వి ఊరుకుంటారేమో గానీ, తరువాతి మాటను చిన్నపిల్లలకు చెప్పే బుద్ధి మాటలాగే వింటారు. అరవై ఏళ్లవారందరికీ “తాతగారూ” అనిపించుకోవడం ఇష్టముండదు. “పెద్దలు”, “యువతీ యువకులు” అనే మాటలు ఎవరినీ నొప్పించవు. వావి పెట్టి పిలవాలనుకుంటే వక్త వయసుకు ఆ వావి పొసగాలి. యాభై ఏళ్లాయన “తమ్ముళ్లారా, చెల్లెళ్లారా” అంటే బాగుంటుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడు అదే మాట అంటే ముందు వరుస నవ్వుకుంటుంది.

నీవు, మీరు, మనం, మేము

తెలుగులో మర్యాద బిరుదుల్లో కంటే సర్వనామాల్లో, క్రియల చివర్లలో ఎక్కువగా ఉంటుంది. వింటున్నవారు దీన్ని విడిగా గమనించరు. కానీ ఎక్కడో గుచ్చుకున్నట్టు మాత్రం వారికి తెలుస్తుంది.

మొదటిది “నీవు”. మన బైబిలు తెలుగు, మన ప్రార్థన భాష “నీవు” మీద నడుస్తాయి. దేవుణ్ణి మనం “నీవు” అనే పిలుస్తాం. ప్రసంగాల్లో కూడా ఒక్కొక్కరి హృదయాన్ని తట్టడానికి “నీవు మారావా?” అని అడగడం మనకు మామూలే. మందిరంలో దాన్ని ఎవరూ తప్పు పట్టరు, అది ప్రసంగ శైలి అని అందరికీ తెలుసు. అదే మాటను కాలనీ హాలులో అంటే, ముందు వరుసలో కూర్చున్న డెబ్బై ఏళ్ల పొరుగాయనకు తనను వేలు పెట్టి చూపినట్టుంటుంది. ఇంకొందరు వక్తలు పెద్దలతో “మీరు” అంటూ వచ్చి, యువత వైపు తిరగగానే “నువ్వు ఆ ఫోన్ పక్కన పెట్టు” అంటారు. ఒకే నిమిషంలో రెండు కొలతలు వాడినట్టవుతుంది. పండుగ సభలో మొదటి నుంచి చివరి వరకు అందరికీ “మీరు” అనడమే సుఖం. “మీరు” బహువచనం కూడా కాబట్టి, అది అందరినీ ఒకేసారి మన్నిస్తుంది.

రెండవది “మనం”, “మేము”. హిందీలో, ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకే మాట ఉంది. తెలుగులో “మనం” అంటే వింటున్నవారు కూడా లోపలే ఉంటారు, “మేము” అంటే వారు బయట ఉంటారు. యువ వక్త ఒకరు “మేము ఇలా ఆలోచిస్తాం, మీరు అలా ఆలోచిస్తారు” అని పదే పదే అంటే, హాలు మధ్యలో గీత గీసినట్టవుతుంది. “మన వీధిలో”, “మన పండుగ” అన్నప్పుడు ఆ గీత చెరుగుతుంది.

అయితే “మనం” అన్ని చోట్లా మంచిది కాదు. పొరుగువారు కూర్చున్న సభలో “మనం నమ్మే రక్షకుడు” అని వక్త అంటే, వారి అనుమతి లేకుండా వారిని తన వాక్యంలోకి లాగినట్టవుతుంది. అక్కడ “మేము నమ్మేది ఇది, అందుకే ఈ పండుగ చేసుకుంటున్నాం, మా సంతోషంలో మీరూ పాలుపంచుకున్నందుకు కృతజ్ఞతలు” అనడం మర్యాద. తన విశ్వాసం చెప్పేటప్పుడు “మేము”, వీధి గురించి చెప్పేటప్పుడు “మనం”. ఈ ఒక్క తేడా పాటిస్తే పొరుగువారు వచ్చే ఏడు కూడా వస్తారు.

మూడవది సభలో లేనివారి గురించి, వేదిక మీద లేనివారి గురించి చెప్పే మాట. “అయ్యగారు ప్రార్థన చేశారు, అమ్మగారు పాట పాడింది” అని మనవాళ్లు తరచుగా అంటుంటారు. అయ్యగారికి “చేశారు”, అమ్మగారికి “పాడింది”. చెప్పినవారికి ఏ దురుద్దేశమూ ఉండదు, నాలుకకు అలవాటైన తీరు అది. కానీ వెనుక వరుసలో కూర్చున్న యువతులు ఈ తేడాను పట్టుకుంటారు. “అమ్మగారు పాడారు” అనడానికి అదనంగా ఏ ఖర్చూ లేదు. అలాగే ఏదైనా కథ చెబుతూ కూలివాణ్ణి “వాడు”, యజమానిని “ఆయన” అంటుంటాం. అదే హాలులో చివర నిలబడి వింటున్న వాచ్‌మన్, వంటకు వచ్చినవారు, కూలి చేసి పిల్లవాణ్ణి చదువుకోవడానికి పంపిన తండ్రి కొడుకు ఆ “వాడు” అనే మాటను తమ ఇంటివారికి అన్నట్టే వింటారు. కథలో ఎవరినైనా “ఆయన”, “ఆవిడ” అంటే చాలు.

యాస గురించి ఒక్క మాట. ఈ సభలో తెలంగాణ మాట ఉంటుంది, కోస్తా మాట ఉంటుంది, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటలు ఉంటాయి. వక్త తన యాసలో తాను మాట్లాడితే అందరికీ ముద్దుగానే ఉంటుంది. ఇతరుల యాసను అనుకరించి నవ్వించబోతే, ఆ యాస ఇంటి మాటగా ఉన్నవారు నలుగురిలో చిన్నబోతారు.

ఒక యువకుడి ప్రసంగం

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. హాస్టల్లో ఉండి కోర్సు చేస్తున్న ఇరవై మూడేళ్ల యువకుడికి “యువత తరఫున నువ్వు మాట్లాడు” అని ఎనిమిది నిమిషాలు ఇచ్చారనుకుందాం. అతను మొదట రాసుకున్నది ఇలా ఉండవచ్చు:

“హాయ్ ఎవ్రీవన్, గుడ్ ఈవినింగ్! ఏంటి, సౌండ్ రావట్లేదు? అన్నం తినలేదా? ఇంకోసారి గట్టిగా! మా జనరేషన్‌ని ఎవరూ అర్థం చేసుకోరు. ఫోన్ పట్టుకుంటే తప్పు, లేటుగా లేస్తే తప్పు. మీ రోజుల్లో ఇంత కాంపిటీషన్ లేదు కాబట్టి మా స్ట్రెస్ మీకు తెలియదు.”

ఇందులో అబద్ధమేమీ లేదు. అతని ఒత్తిడి నిజం, దాన్ని చెప్పుకోవాలన్న కోరికా న్యాయమే. కానీ పెద్దలు మొదటి అరనిమిషంలోనే రెండుసార్లు తగ్గించబడ్డారు. గట్టిగా అరవమని వారిని అడగడం కాలేజీ ఫంక్షన్ పద్ధతి. తరువాత, వారు పడ్డ కష్టాన్ని లేదనేశాడు. ఆ రోజుల్లో ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి పిలుపు కోసం ఎదురుచూసినవారు ఆ వరుసలో ఉండవచ్చు. ఇక ఆ తరువాత అతను ఏం చెప్పినా వారు మనసులో జవాబులు వెతుక్కుంటూ ఉంటారు.

అదే విషయాన్ని ఇలా చెప్పవచ్చు:

“అధ్యక్షుల వారికి, పెద్దలందరికీ వందనాలు. నా తోటి మిత్రులకు, చిన్నారులకు క్రిస్మస్ శుభాకాంక్షలు. నేను ఈ వీధికి వచ్చి ఎనిమిది నెలలైంది. పొద్దున్నే క్లాసుకు వెళ్తుంటే నడకకు వచ్చిన పెద్దలు ఎదురవుతారు. రోజూ చూసుకుంటాం గానీ ఇంతవరకు పలకరించుకోలేదు. మా నాన్నగారు రాత్రిపూట ఊరి నుంచి ఫోన్ చేసి ‘తిన్నావా’ అని అడుగుతారు. ఇక్కడ కూడా చాలా ఇళ్లలో దూరాన ఉన్న పిల్లలను అదే మాట అడుగుతుంటారు కదా. మాలో కొందరికి ఇంటర్వ్యూ పోయిన రోజున ఊరికి ఫోన్ చేసి చెప్పడానికి ధైర్యం చాలదు. అలాంటి రోజులు మీరూ చూసి ఉంటారు. వాటిని ఎలా దాటారో చెబితే వినాలని ఉంది.”

ఏం మారిందో చూడండి. ఫిర్యాదు ప్రశ్నగా మారింది. “మీకు తెలియదు” అన్న చోట “మీరూ చూసి ఉంటారు” అన్నాడు. ఒత్తిడి గురించిన నిజం అలాగే ఉంది, ఇంటర్వ్యూ పోయిన రోజు అనే ఒక్క వివరంతో అది మరింత బరువుగా వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, “తిన్నావా” అనే మాట ముందు వరుసకూ వెనుక వరుసకూ ఒకేసారి తగిలింది. తల్లిదండ్రులు అడిగే మాట అది, పిల్లలు వినే మాట అది. మిశ్రమ సభలో వక్త వెతకవలసింది ఇలాంటి వివరాన్నే. రెండు తరాలూ చెరొక చివర పట్టుకోగల మాట ఒక్కటి దొరికితే మిగిలిన ప్రసంగం దాని మీద నడుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ యువకుడు జాలి పడబోయి “పిల్లలు వదిలేసి వెళ్లిన తల్లిదండ్రులు ఇక్కడ ఎందరో” అని ఉంటే, ఆ తల్లిదండ్రులకు అది అవమానం. తమ పిల్లలు పైకి వచ్చారని గర్వపడుతూనే వారు ఒంటరితనం భరిస్తుంటారు. వారి బాధకు మనం పేరు పెట్టకూడదు.

పెద్దలు మాట్లాడేటప్పుడు

పెద్దవారి చేతికి మైకు వచ్చినప్పుడు జారే చోటు వేరు. “ఈ కాలం పిల్లలకు ఫోన్ ఉంటే అన్నం కూడా అక్కర్లేదు. మేము వీధి దీపాల కింద చదువుకున్నాం” అనే రెండు వాక్యాలు ఎన్ని సభల్లో విన్నామో లెక్కలేదు. వీధి దీపం కింద చదివింది నిజమే కావచ్చు. కానీ దాన్ని కొలబద్దగా ఎత్తి చూపితే యువత దాన్ని కథగా వినదు.

అదే పెద్దాయన ఇలా అంటే ఎలా ఉంటుంది? “ఉద్యోగంలో చేరిన ఏడు సెలవు దొరక్క నేను పండక్కి ఇంటికి వెళ్లలేకపోయాను. అద్దె గదిలో ఒక్కణ్ణే ఉంటే పక్కింటివారు పిలిచి అన్నం పెట్టారు. ఈ రాత్రి ఇంటికి దూరంగా ఉన్నవారు మీలో చాలామంది ఉన్నారు. భోజనాలప్పుడు మా వరుసలో వచ్చి కూర్చోండి.” ఇందులో ఉపదేశం లేదు. తన కష్టాన్ని చెప్పాడు, దానిలోంచి ఒక ఆహ్వానాన్ని తీశాడు. ఆ యువకుడికి తన ప్రశ్నకు జవాబు ఈ వాక్యాల్లోనే దొరుకుతుంది.

మరి మందలించవలసిన విషయాలున్నప్పుడు? తాగుడు, కట్నం, అప్పుల మీద పెళ్లిళ్లు వంటివి పండుగ సభల్లో ప్రస్తావనకు వస్తూనే ఉంటాయి. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం మొదట్లో దీనికి కొలత ఉంది. వృద్ధులను తండ్రులుగా, స్త్రీలలో పెద్దవారిని తల్లులుగా, చిన్నవారిని అన్నదమ్ములుగా, అక్కచెల్లెళ్లుగా భావించి చెప్పమంటాడు. ఇంట్లో తండ్రి తప్పును నలుగురిలో ఎలా ఎత్తమో, సభలో పెద్దల తప్పును చిన్నవారు అలా ఎత్తకూడదు. తమ్ముణ్ణి బంధువుల ముందు నిలబెట్టి ఎలా తిట్టమో, యువతనూ అలా తిట్టకూడదు. ఆచరణలో దీనికి ఒక దారి ఉంది. ఎవరి వరుస తప్పు వారి వరుసలోనివారే చెప్పాలి. కట్నం తీసుకోవద్దని యువకులతో ఒక యువకుడు అంటే, కట్నం అడగవద్దని పెద్దలతో ఒక పెద్దాయన అంటే, రెండు మాటలూ నిలుస్తాయి.

చెవి, గడియారం

ఎంత మర్యాదగా మాట్లాడినా వినబడకపోతే పెద్దలకు అది మర్యాద కాదు. వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులతో మొదలవుతుంది. స, శ, త, క, ప వంటి హల్లులు మసకబారుతాయి. అచ్చులు మాత్రం బాగానే వినబడతాయి. అందుకే చాలామంది పెద్దలు “మాట వినబడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదు” అంటారు. గట్టిగా అరిస్తే ఈ లోపం తీరదు. అచ్చులు ఇంకా మోగుతాయి, హల్లులు మసకగానే ఉంటాయి, పైగా హాలు గోడలకు తగిలి ప్రతిధ్వని పెరుగుతుంది. నెమ్మదిగా మాట్లాడి, ప్రతి వాక్యం చివర కొంచెం ఆగితే మేలు. మాటల వెనుక కీబోర్డు వాయించే అలవాటు మన కూడికల్లో ఉంది. మాట్లాడేంతసేపూ దాన్ని ఆపించాలి. వక్త ముఖం మీద వెలుగు ఉండాలి, ఎందుకంటే వినికిడి తగ్గినవారు పెదవుల కదలికను కూడా చూసి గ్రహిస్తారు. కొవ్వొత్తుల కోసం దీపాలు ఆర్పే కార్యక్రమాన్ని ప్రసంగం అయ్యాక పెట్టుకోవచ్చు.

సమయం కూడా మర్యాదలో భాగమే. షుగరు ఉన్న పెద్దలు వేళకు తినాలి. హాస్టలు గేటు వేళకు మూస్తారు, ఆలస్యమైతే అమ్మాయిలు వార్డెనుకు జవాబు చెప్పుకోవాలి. ఎనిమిది నిమిషాలు ఇస్తే ఏడు నిమిషాలకు రాసుకుని, ఇంట్లో గడియారం పెట్టుకుని బయటికి చదివి చూసుకోవాలి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది, బయటికి చదవడానికి ఎక్కువసేపు పడుతుంది. యోబు గ్రంథంలో ఎలీహు అనే యువకుడు పెద్దలు ముగించేవరకు ఓపికగా ఆగి, తాను చిన్నవాణ్ణి కాబట్టి ఇంతసేపు ఊరుకున్నానని చెప్పి మొదలుపెడతాడు. ఎంత మంచి ఆరంభం! కానీ ఆ తరువాత 32వ అధ్యాయం నుంచి 37వ అధ్యాయం వరకు అతనే మాట్లాడతాడు. మన యువ వక్తలు అతని ఆరంభాన్ని తీసుకుని, నిడివిని వదిలేస్తే చాలు.

తప్పుతున్నట్టు ఎలా తెలుస్తుంది?

మాట్లాడుతుండగానే కొన్ని గుర్తులు కనబడతాయి. ముందు వరుసలో ఒకరు పక్కవారి వైపు వంగి “ఏమన్నాడు?” అని అడుగుతుంటే వేగం ఎక్కువైంది, తగ్గించాలి. వెనుక వరుసలో ఫోన్ల వెలుగు ఒక్కొక్కటిగా పెరుగుతుంటే ఉపదేశం మొదలైందన్నమాట. అప్పుడు ఒక నిజమైన సంగతి చెప్పాలి, లేదా ముగింపుకు రావాలి. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు నవ్వు. హాస్యం చెప్పినప్పుడు హాలులో ఒక పక్క నుంచే నవ్వు వచ్చిందంటే, ఆ హాస్యం రెండో పక్కను నొప్పించిందని అర్థం. అలాంటప్పుడు వేదిక మీదే క్షమాపణల్లోకి దిగి ఇంకా లాగనక్కర్లేదు. తరువాతి వాక్యాన్ని చిన్నబోయిన వారి వైపు తిరిగి, “మీరు” అని, వారు నిజంగా చేసిన ఒక మంచి పనిని పేర్కొంటూ చెబితే సరిపోతుంది. ఈ హాలులో కుర్చీలు వేసింది హాస్టలు యువకులే అయి ఉంటారు. ఈ రాత్రి వంటకు బియ్యం ఇచ్చింది ముందు వరుసలోని ఏదో ఒక ఇల్లే అయి ఉంటుంది. అలాంటి వివరాలు ప్రసంగానికి ముందే నిర్వాహకులను అడిగి రాసుకోవాలి.

చివరి గుర్తు భోజనాల దగ్గర కనబడుతుంది. వక్త దగ్గరికి వచ్చి “బాగా మాట్లాడారు” అన్నవారు ఎందరని లెక్కపెట్టడం కంటే, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూడటం మేలు. నడకకు వెళ్లే పెద్దాయన, పొద్దున్నే క్లాసుకు వెళ్లే కుర్రవాడు ఒకే వరుసలో కూర్చుని “మీది ఏ ఊరు?” అని అడుగుకుంటుంటే ఆ పది నిమిషాలు పని చేసినట్టే. మర్నాడు వీధిలో ఎదురైనప్పుడు వారు ఒకరినొకరు పేరు పెట్టి పలకరించుకుంటారు.